రేషనల్ అయితే 1, ఇర్రేషనల్ అయితే 0: "అదే విధంగా" అని రాస్తే మార్కులు ఎందుకు పోయాయి?

శ్రీజ_ఎంపీసీ

రియల్ అనాలిసిస్ ఇంటర్నల్స్‌లో వచ్చిన ప్రశ్న. x రేషనల్ అయితే f(x) = 1, ఇర్రేషనల్ అయితే f(x) = 0. ఏ బిందువు దగ్గరా దీనికి లిమిట్ లేదని నిరూపించాలి. ఐదు మార్కులు.

నేను x = 0 దగ్గర చేశాను. 1/n వరుస తీసుకుంటే అన్నీ రేషనల్స్, f విలువ ఎప్పుడూ 1. √2/n తీసుకుంటే అన్నీ ఇర్రేషనల్స్, విలువ ఎప్పుడూ 0. రెండు వరుసలూ 0 వైపే వెళ్తున్నాయి, విలువలు మాత్రం కలవట్లేదు, కాబట్టి లిమిట్ లేదు. చివర "మిగతా బిందువులకూ అదే విధంగా" అని ముగించాను. రెండు మార్కులు వేసి, పక్కన ఎర్ర ఇంకుతో "a = √2 అయితే?" అని రాశారు. అడుగుదామంటే సార్ సెలవులో ఉన్నారు.

రెండు సందేహాలు. అదే విధంగా అంటే తప్పేముంది? ఇంకోటి, ఇర్రేషనల్స్ ముందు రేషనల్స్ లేనట్టే లెక్క అని క్లాసులో చెప్పారు. అలాంటప్పుడు లిమిట్ 0 అనేస్తే సరిపోదా?

నాన్‌స్టాప్_నాని

ఐదుకి రెండు చాలా అన్యాయం. ఐడియా మొత్తం పేపర్ మీద ఉంది కదా.

వరంగల్_వాసు

దీనికి ఇంత ఆలోచన ఎందుకు. నంబర్ లైన్ మీద ఒక రేషనల్, దాని పక్కన ఒక ఇర్రేషనల్, మళ్లీ రేషనల్, ఇలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఫంక్షన్ 1, 0, 1, 0 అని ఊగుతూనే ఉంటుంది. అందుకే లిమిట్ లేదు. ఇది రాస్తే ఐదుకి ఐదు.

లెక్కల_మాస్టారు

వాసూ, అలా రాస్తే ఆ రెండు కూడా రావు. నంబర్ లైన్ మీద "పక్కన" అనేదే లేదు. 0 పక్కనున్న సంఖ్య ఏది? నువ్వు ఏది చెప్పినా దాన్ని సగం చేస్తే 0కి ఇంకా దగ్గరది వస్తుంది. ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా మధ్యలో రెండు రకాలూ అనంతంగా ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి ఉండాలంటే రెండు రకాలూ సమానంగా ఉండాలి కూడా, కానీ శ్రీజ రెండో సందేహమే అవి సమానం కావని. నీ ముగింపు సరైనదే, దానికి నువ్వు చెప్పిన కారణమే నిలబడదు.

శ్రీజమ్మా, నీ పేపర్ సంగతి. నీ వరుసల్ని అలాగే √2 దగ్గరికి జరిపి చూడు. √2 + 1/n రేషనలా? కాదు. √2 + √2/n? అదీ కాదు. రెండు వరుసల మీదా విలువ 0. అంటే నీ "అదే విధంగా" అక్కడ పనిచేయకపోవడమే కాదు, చూసేవాడికి లిమిట్ 0 ఉందేమో అన్న అనుమానం కూడా కలిగిస్తుంది. π దగ్గరా ఇదే కథ. a రేషనల్ అయినప్పుడే నీ పద్ధతి మారకుండా నడుస్తుంది. మీ సార్ రాసిన ఆ చిన్న ప్రశ్న సరిగ్గా అతుకు దగ్గర వేలు పెట్టింది.

శ్రీజ_ఎంపీసీ

ఇది తట్టలేదు సర్. మరి √2 దగ్గర రేషనల్ వరుస ఎక్కడి నుంచి తేవాలి?

అనంత_రాధిక

√2 దశాంశ విస్తరణే వాడండి. 1.4, 1.41, 1.414, 1.4142... ఎక్కడ కోసేసినా రేషనలే, √2 వైపే వెళ్తాయి. వీటి మీద f = 1. √2 + 1/n మీద f = 0. అయిపోయింది. π అయితే 3.1, 3.14, 3.141 అలా.

లెక్కల_మాస్టారు

రాధిక గారు చెప్పింది చక్కగా ఉంది. a ఇర్రేషనల్ ఏదైనా సరే, దాని దశాంశాల్ని కోస్తే వచ్చే సంఖ్యలు a వైపు వెళ్తాయి, ఏదీ a తో సమానం కాదు. ఆ రెండో మాట ముఖ్యం, ఎందుకంటే లిమిట్ చూసేటప్పుడు a దగ్గర విలువని మనం పట్టించుకోం, చుట్టుపక్కలే చూస్తాం. కాబట్టి పేపర్ మీద రెండు సందర్భాలు రాస్తే చాలు. a రేషనల్ అయితే a + 1/n, a + √2/n. a ఇర్రేషనల్ అయితే a దశాంశాల కోతలు, a + 1/n.

నాన్‌స్టాప్_నాని

రెండు కేసులు లేకుండా ఒకేసారి చేసే దారి లేదా? ε, δ తో చేస్తే ఎలా ఉంటుంది?

టెక్సస్_శేషు

ఉంది. ఇక్కడ మాస్టర్స్‌లో గ్రేడర్‌గా చేసినప్పుడు ఈ లెక్క చాలాసార్లు దిద్దాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

a దగ్గర లిమిట్ L ఉందనుకోండి. ε = 1/2 తీసుకుంటే ఏదో ఒక δ దొరకాలి: a చుట్టూ δ దూరంలో, a ని వదిలేసి, ఏ x తీసుకున్నా f(x) కి, L కి తేడా 1/2 కంటే తక్కువ ఉండాలి. ఆ ముక్కలో ఒక రేషనల్ ఉంది, అక్కడ విలువ 1, కాబట్టి |1 − L| < 1/2. ఒక ఇర్రేషనల్ కూడా ఉంది, కాబట్టి |0 − L| < 1/2. రెండూ కలిపితే 0 కి, 1 కి మధ్య దూరం 1 కంటే తక్కువ అని వస్తుంది. అది కుదరదు. a ఏ రకమో ఎక్కడా అడగలేదు చూడండి.

పిల్లలు ఎక్కువగా జారేది ε దగ్గర. "ε = 1 అనుకుందాం" అని మొదలుపెడతారు. దాంతో ఏ వైరుధ్యమూ రాదు. L = 1/2 పెట్టి చూడండి. f విలువ 0 అయినా 1 అయినా 1/2 నుంచి దాని దూరం సరిగ్గా 1/2, అది 1 కంటే తక్కువే. ε = 0.6 పెట్టినా ఇంతే, L = 1/2 హాయిగా పాసైపోతుంది. ε ని 1/2 కో, అంతకంటే కిందకో దించితేనే అది పడిపోతుంది.

వరంగల్_వాసు

ఓహో, అంటే సగటు 1/2 లిమిట్ అని ఎవరైనా అంటే వాళ్లని పట్టుకునేది ఆ 1/2 అన్నమాట. ఊగుతుంది అన్న నా మాటకి ఇదే కదా అర్థం.

టెక్సస్_శేషు

ఊగడం అన్న మాట వరకు ఒప్పుకుంటా. ప్రతి బిందువు చుట్టూ ఎంత చిన్న ముక్క తీసుకున్నా f గరిష్ఠం 1, కనిష్ఠం 0, తేడా 1 నుంచి తగ్గదు. ఒకటి విడిచి ఒకటి మాత్రం ఒప్పుకోను.

శ్రీజ_ఎంపీసీ

శేషు అన్నా, "ఆ ముక్కలో ఒక రేషనల్ ఉంది, ఒక ఇర్రేషనల్ ఉంది" అని ఒక్క మాటలో దాటేశారు. బరువంతా అక్కడే ఉన్నట్టుంది. అది పరీక్షలో ఊరికే రాసేయొచ్చా?

టెక్సస్_శేషు

బరువంతా అక్కడే, నిజం. తెలిసిన సిద్ధాంతమే కాబట్టి పేరు చెప్పి వాడుకోవచ్చు. కానీ ఒక్కసారి చేత్తో వెతికి చూస్తే మళ్లీ మర్చిపోరు.

0.3333 కి 0.3334 కి మధ్య ముక్క తీసుకోండి, వెడల్పు 0.0001. రేషనల్ కావాలంటే, హారం n ని 1/వెడల్పు కంటే పెద్దది తీసుకోవాలి, అంటే 10000 దాటాలి. 20000 అనుకుందాం. అప్పుడు 1/20000 అడుగులతో నడిస్తే, అడుగు ముక్క వెడల్పు కంటే చిన్నది కాబట్టి ముక్కని దాటి దూకేయడం కుదరదు. చివర్లని 20000 తో గుణిస్తే 6666, 6668. మధ్యలో 6667 ఉంది. 6667/20000 = 0.33335. దొరికింది.

ఇర్రేషనల్ కావాలంటే అదే పనిని √2 తో భాగించి చేయాలి. 0.3333/√2 సుమారు 0.23568, 0.3334/√2 సుమారు 0.23575. వీటి మధ్య ఒక రేషనల్, 0.2357. దాన్ని √2 తో తిరిగి గుణిస్తే 0.33333 చిల్లర, మన ముక్కలోనే ఉంది. రేషనల్ × √2 కాబట్టి ఇర్రేషనల్.

అనంత_రాధిక

ఒక చోట జాగ్రత్త. ముక్కలో 0 ఉంటే, మధ్యలో దొరికిన రేషనల్‌గా 0 నే తీసుకునే ప్రమాదం ఉంది. 0 × √2 = 0, అది రేషనల్. మా క్లాసులో ఒకబ్బాయికి బోర్డు మీద సరిగ్గా ఇదే జరిగింది. సున్నా కాని రేషనల్ తీసుకున్నాం అని ఒక ముక్క రాయాలి.

కోడ్_కిరణ్

ఇవన్నీ చదివి పైథాన్‌లో ప్లాట్ చేద్దామని కూర్చున్నా. 0 నుంచి 1 వరకు పదివేల పాయింట్లు. గ్రాఫ్ మొత్తం y = 1 మీద ఒక గీత. √2/2, π/4 అని చేత్తో ఇచ్చినా 1 అనే వస్తోంది. మీరు చెప్పే సున్నాలు నాకు ఒక్కటీ కనబడలేదు. మరి కంప్యూటర్ ప్రకారం అన్నిచోట్లా లిమిట్ 1 కదా?

టెక్సస్_శేషు

ఇది నడిపి చూడు కిరణ్.

```python
from fractions import Fraction
import math
print(Fraction(math.sqrt(2)))
# 6369051672525773/4503599627370496
```

నువ్వు √2 అనుకుని ఇచ్చింది అసలు √2 కాదు, ఆ భిన్నం. కింద ఉన్నది 2 కి 52వ ఘాతం. ఫ్లోట్‌లో పట్టే ప్రతి సంఖ్యా ఏదో ఒక పూర్ణాంకాన్ని 2 ఘాతంతో గుణించినదో భాగించినదో, కాబట్టి ప్రతిదీ రేషనలే. పదివేలు కాదు, కోటి పాయింట్లు ఇచ్చినా 1 తప్ప రాదు. ప్లాట్ అబద్ధం చెప్పట్లేదు, నువ్వు అడిగిన చోటల్లా విలువ నిజంగానే 1. ఇర్రేషనల్ దగ్గర అడిగే అవకాశమే దానికి లేదు.

కోడ్_కిరణ్

అంటే ఈ ఫంక్షన్‌కి ప్రోగ్రామ్ రాయలేమా? సింపీతో √2 ని గుర్తుగా ఉంచితే?

టెక్సస్_శేషు

√2 లాంటి వాటికి పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ దశాంశం చూడట్లేదు, బీజగణితం చూస్తోంది. ఉత్త దశాంశాలు ఒక్కొక్కటిగా వస్తుంటే మాత్రం ఎన్ని అంకెలు చూసినా ఇది ఏ రకమో తేల్చలేం. ఇప్పటిదాకా చూసిన అంకెల తర్వాత అన్నీ సున్నాలు వస్తే రేషనల్, రాకపోతే ఇర్రేషనల్ కావొచ్చు. లిమిట్ లేకపోవడానికీ ఇదే మూలం: దగ్గరగా ఉండటం రకాన్ని చెప్పదు.

నాన్‌స్టాప్_నాని

అసలు ఇదేం ఫంక్షన్. ఫార్ములా లేదు, గ్రాఫ్ గీయలేం. పరీక్షలో ఏడిపించడానికి ఎవరో కూర్చుని తయారుచేసినట్టుంది.

లెక్కల_మాస్టారు

పరీక్ష కోసం కాదు నానీ. 1829లో డిరిక్లే ఫూరియే శ్రేణులు ఎప్పుడు అభిసరిస్తాయో నిరూపిస్తూ రాసిన వ్యాసం చివర దీన్ని తెచ్చాడు. 1, 0 కూడా కాదు, రేషనల్ దగ్గర c, ఇర్రేషనల్ దగ్గర d, రెండూ వేర్వేరు, అంతే. శ్రేణి గుణకాలు కట్టాలంటే ఫంక్షన్‌ని సమాకలనం చేయాలి. సమాకలనానికి లొంగని ఫంక్షన్లు కూడా ఉంటాయని చూపడానికి ఆయనకిది కావలసి వచ్చింది. అప్పటికి రీమాన్ నిర్వచనం కూడా రాలేదు.

ఫార్ములా లేదన్నది సరి కాదు. (cos(m!πx))^(2n) తీసుకో. ముందు n ని అనంతానికి పంపు, తర్వాత m ని. x = 1/3 అనుకో. m 3 అయినప్పటి నుంచి m!·x పూర్ణాంకం, cos విలువ 1 గానీ −1 గానీ, సరి ఘాతం వేస్తే 1. x ఇర్రేషనల్ అయితే m!·x ఎప్పుడూ పూర్ణాంకం కాదు, cos పరిమాణం 1 కంటే తక్కువ, ఘాతం పెంచితే 0 కి పడిపోతుంది. లోపలున్నవన్నీ నునుపైన తరంగాలే, ఎక్కడా విరుపు లేదు. రెండు అవధులు వరుసగా తీసుకునేసరికి ఎక్కడా అవధి లేని ఫంక్షన్ వచ్చింది.

వరంగల్_వాసు

శ్రీజ రెండో సందేహాన్ని అందరూ వదిలేశారు. నా ఓటు దానికే. రేషనల్స్ కౌంటబుల్, ఇర్రేషనల్స్ అన్‌కౌంటబుల్. యాదృచ్ఛికంగా ఒక సంఖ్య తీస్తే ఇర్రేషనలే వస్తుంది. కాబట్టి లిమిట్ 0 అనే చెప్పాలి. ఎక్కడో నాలుగు రేషనల్స్ ఉంటే వాటి కోసం లిమిట్ పోగొట్టుకోవడం ఎందుకు?

అనంత_రాధిక

"ఎక్కడో నాలుగు" కాదు వాసు గారూ, అన్నిచోట్లా అనంతం.

టెక్సస్_శేషు

వాసు మాటలో సగం నిజం ఉంది, ఆ సగం ఏదో విడదీసి చూడాలి.

లిమిట్ నిర్వచనం ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టదు. ముక్కలోని ప్రతి x నీ అడుగుతుంది, ఒక్కటి కాదన్నా చాలు, ఆ δ పనికిరాదు. పోలికకి ఇంకో ఫంక్షన్ చూడండి: పూర్ణాంకాల దగ్గర 1, మిగతా చోట్ల 0. పూర్ణాంకాలూ కౌంటబులే, రేషనల్స్ ఎన్నో అవీ అన్నే, ఒకదానికొకటి జత కట్టొచ్చు. కానీ ఈ ఫంక్షన్‌కి ప్రతి బిందువు దగ్గరా లిమిట్ ఉంది, విలువ 0. ఎందుకంటే a చుట్టూ చిన్న ముక్క తీస్తే, a ని వదిలేశాక అందులో పూర్ణాంకం మిగలదు. సంఖ్య ఒకటే, ఫలితం పూర్తిగా తలకిందులు. కాబట్టి కారణం కౌంటబుల్ కావడంలో లేదు, అవి పరుచుకున్న తీరులో ఉంది.

రేషనల్స్‌ని ఇంకా తగ్గించి, దశాంశం ఎక్కడో ఆగిపోయే సంఖ్యల దగ్గర మాత్రమే 1 ఇవ్వండి. 1/3 కూడా ఇప్పుడు 0 అయిపోతుంది. అయినా ఎక్కడా లిమిట్ లేదు, పై నిరూపణలో "ఒక రేషనల్ ఉంది" అన్న చోట "ఆగిపోయే దశాంశం ఒకటి ఉంది" అని మారిస్తే చాలు, మిగతాది అలాగే నడుస్తుంది.

మరి వాసు చెప్పిన నిజం ఎక్కడ పనికొస్తుంది? సమాకలనంలో. రీమాన్ పద్ధతిలో ప్రతి ముక్కలో గరిష్ఠం 1, కనిష్ఠం 0, కాబట్టి 0 నుంచి 1 వరకు పై మొత్తం 1, కింది మొత్తం 0, ఎప్పటికీ కలవవు. లెబేగ్ పద్ధతిలో రేషనల్స్ కొలత సున్నా, సమాకలనం 0. అక్కడ "లేనట్టే" అన్న మాట అక్షరాలా నిజం.

వరంగల్_వాసు

అయితే ఆ లెబేగ్ కళ్లతో చూసే లిమిట్ కూడా ఒకటి పెట్టుకోవచ్చుగా?

టెక్సస్_శేషు

ఉంది. అప్రాక్సిమేట్ లిమిట్ అంటారు. a చుట్టూ ముక్క చిన్నదయ్యే కొద్దీ అందులో వాటా సున్నాకి తగ్గే భాగాన్ని వదిలేసి చూస్తుంది. దాని ప్రకారం ఈ ఫంక్షన్‌కి అన్నిచోట్లా 0. కానీ పరీక్షలో అడిగింది ఆ లిమిట్ కాదు.

వరంగల్_వాసు

చూశారా, నా 0 ఎక్కడో ఉంది. నేను నా మాట మీదే ఉన్నా, మంచి లిమిట్ అదే.

లెక్కల_మాస్టారు

ఏది మంచిదన్నది ఏ పనికి వాడతావన్న దాన్ని బట్టి ఉంటుంది వాసూ. నిరంతరత గురించి మాట్లాడాలంటే నీ లిమిట్ నాకు పనికిరాదు.

గుంటూరు_మిర్చి

ఆలస్యంగా చూశాను. మాకు ఎమ్మెస్సీలో చెప్పింది వేరు. ఇర్రేషనల్స్ దగ్గర లిమిట్ ఉంటుంది, రేషనల్స్ దగ్గర కూడా ఉంటుంది, అన్నిచోట్లా 0 అని నిరూపించారు. నోట్స్ కూడా ఉంది. ఎక్కడా లేదని మీరెలా అంటున్నారు?

అనంత_రాధిక

మీ నోట్స్‌లో రేషనల్ p/q దగ్గర విలువ 1 ఉందా, 1/q ఉందా?

గుంటూరు_మిర్చి

1/q. రెండూ ఒకటే అనుకున్నా, ఇర్రేషనల్ దగ్గర 0 కదా అక్కడా.

అనంత_రాధిక

అది థోమే ఫంక్షన్, 1875 నాటిది. చూడటానికి దీనికి చుట్టమే, ప్రవర్తన మాత్రం వేరు. √2 దగ్గర ε = 0.1 తో చేసి చూపిస్తా. విలువ 0.1 కంటే తక్కువ కాకుండా అడ్డం పడేవి హారం 10 లేదా అంతకంటే చిన్న భిన్నాలే. √2 చుట్టూ అలాంటివి కొన్నే ఉంటాయి. అన్నింటిలోకీ దగ్గరది 7/5, అంటే 1.4, దూరం 0.0142. తర్వాత 10/7, దూరం 0.0144. కాబట్టి δ = 0.01 పెడితే ఆ ముక్కలో హారం 11 కంటే తక్కువున్న భిన్నం ఒక్కటీ లేదు, విలువలన్నీ 1/11 లోపే. ε తగ్గిస్తే అడ్డం పడేవి ఇంకొన్ని పెరుగుతాయి, కానీ √2 చుట్టూ అవి ఎప్పుడూ పరిమిత సంఖ్యలోనే ఉంటాయి.

శ్రీజ ఫంక్షన్‌లో √2 కి దగ్గరయ్యే కొద్దీ భిన్నాల హారాలు పెరిగినా విలువ 1 దగ్గరే నిలబడి ఉంటుంది. అడ్డం పడేవి ఎప్పటికీ తగ్గవు.

గుంటూరు_మిర్చి

అర్థమైంది. హారం పెరిగినప్పుడు ఎత్తు కుంగితే లిమిట్ బతుకుతుంది.

నాన్‌స్టాప్_నాని

మరి x తో గుణిస్తే? x రేషనల్ అయితే f = x, లేకపోతే 0. దీనికి?

శ్రీజ_ఎంపీసీ

ఇది నేను చేస్తా. 0 దగ్గర విలువ x గానీ 0 గానీ, పరిమాణం |x| ని దాటదు, కాబట్టి లిమిట్ 0. δ = ε చాలు. a సున్నా కాకపోతే రేషనల్ వరుస మీద విలువలు a వైపు వెళ్తాయి, ఇర్రేషనల్ వరుస మీద 0. a ≠ 0 కాబట్టి కలవవు. అంటే ఒక్క 0 దగ్గరే లిమిట్ ఉంది. ఈసారి రెండు కేసులూ విడిగా రాసి చూశా, a = √2 కి 1.4, 1.41 వరుస మీద విలువలు కూడా 1.4, 1.41 లే.

లెక్కల_మాస్టారు

పూర్తి మార్కులు. x బదులు x(x − 1) పెడితే రెండు చోట్ల, అలా ఎన్ని కావాలంటే అన్ని చోట్ల.

నాన్‌స్టాప్_నాని

అయినా ఐదుకి రెండు అన్యాయమే. కనీసం మూడు.

అనంత_రాధిక

నేనైతే రెండే వేస్తాను. ప్రశ్నలో "ఏ బిందువు దగ్గరా" అన్నదే అసలు పని. 0 దగ్గర ఒక్కచోటే చేస్తే అది సులువైన సగం.

టెక్సస్_శేషు

నేను మూడు వేసేవాణ్ణి. వరుసలు ఎంచుకోవడం తెలిసింది కదా.

కోడ్_కిరణ్

ఇంకో ప్రశ్న. రేషనల్స్ దగ్గర మాత్రమే లిమిట్ ఉండి, ఇర్రేషనల్స్ దగ్గర ఎక్కడా లేకుండా ఒక ఫంక్షన్ చేయొచ్చా? థోమే ఫంక్షన్ ఇర్రేషనల్స్ దగ్గర నిరంతరం, రేషనల్స్ దగ్గర కాదు అంటున్నారు. దాన్ని తిప్పేస్తే వస్తుందనిపిస్తోంది.

టెక్సస్_శేషు

నిరంతరత విషయంలో తిప్పడం కుదరదని 1881లో వోల్టెరా నిరూపించాడు. లిమిట్‌కీ కుదరదు. a చుట్టూ, a ని వదిలేసి, f విలువల మధ్య తేడా 1/n కంటే తక్కువగా ఉండే ముక్క దొరికే బిందువులన్నీ ఒక చోట చేర్చు. అది ఓపెన్ సెట్ అని చూపించు. ప్రతి n కీ అలాంటిది ఒకటి వస్తుంది, లిమిట్ ఉండే బిందువులు వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవి. రేషనల్స్ సెట్ అలా రాదు, దానికి బెయిర్ సిద్ధాంతం కావాలి. ఓపెన్ అని చూపించే మెట్టు నువ్వు రాయి, మిగతాది రేపు చూద్దాం.

కోడ్_కిరణ్

a ని వదిలేశాం కదా, పక్కనున్న b కి వచ్చేసరికి a మళ్లీ ముక్కలోకి వచ్చేస్తుంది. అక్కడ ఇరుక్కున్నా.

శ్రీజ_ఎంపీసీ

b చుట్టూ ముక్కని a తగలనంత చిన్నది తీసుకుంటే?